76 నిమిషాల బగారా బైంగన్‌ను 4 నిమిషాల వీడియోగా ఎడిట్ చేయడం ఎలా?

"వంట వీడియోలో ఏది కోసేయాలి, ఏది ఉంచాలి? కట్ చేసిన ప్రతిసారీ కడాయి ఎగిరి పక్కకు దూకినట్టు ఎందుకు కనిపిస్తుంది?" ఈ రెండు ప్రశ్నలూ పదేపదే వస్తున్నాయి. విడివిడిగా జవాబు చెప్తూ పోయాను కానీ, నిజానికి ఆ రెండూ ఒకే ప్రశ్న. పైనుంచి తీసిన షాట్‌లో కడాయి ఒకేచోట ఉంటే పన్నెండు నిమిషాలు ఎత్తేసినా చూసేవాళ్లకు ఇబ్బంది ఉండదు. కడాయి రెండు అంగుళాలు జరిగితే పది సెకన్లు ఎత్తేసినా తెలిసిపోతుంది.

అందుకే ఒక్క వీడియోను తీసుకుని మొదటి నుంచి చివరిదాకా చూపిస్తాను. మలక్‌పేటలో మా వదిన వాళ్ల వంటింట్లో తీసిన బగారా బైంగన్ ఇది. అరకిలో చిన్న వంకాయలు, లెక్కకు 12. ఫోన్‌ను గట్టు పైన స్టాండ్‌కు బిగించి తీసింది 76 నిమిషాలు. చివరికి మిగిలింది 4 నిమిషాల 14 సెకన్లు. నేను వాడింది DaVinci Resolve ఉచిత వెర్షన్. ఫోన్‌లో ఎడిట్ చేసేవాళ్లకూ ఇదే వరుస పనికొస్తుంది, బటన్ల పేర్లు మాత్రమే మారతాయి.

## 1. తీసే ముందే చూసుకోవాల్సినవి

ఇక్కడ ఎక్కువసేపు ఆగను. కానీ ఈ ఐదూ వదిలేస్తే తర్వాత గంటలు గంటలు ఎడిటింగ్‌లో కూర్చోవాలి.

- ఫోన్‌లో వెలుతురు, రంగు, ఫోకస్ మూడూ లాక్ చేయండి. లాక్ చేయకపోతే కడాయి నిండా పసుపు మసాలా పడగానే కెమెరా ఆ పసుపును తగ్గించాలని చూస్తుంది, గట్టు నీలంగా మారిపోతుంది.
- మన కరెంటు 50 హెర్ట్జ్. ట్యూబ్‌లైట్ కింద షట్టర్ 1/50 పెట్టండి, లేదా 1/100. లేకపోతే గీతలు కదులుతున్నట్టు పడతాయి.
- సీలింగ్ ఫ్యాన్ ఆపండి. లైటుకీ గట్టుకీ మధ్య ఫ్యాన్ రెక్కలు తిరిగితే ప్రతి షాట్‌లోనూ నీడ దడదడలాడుతుంది.
- స్టవ్ పక్కన గట్టు మీద కడాయి పిడి ఎటు ఉండాలో చిన్న టేప్ ముక్క అంటించండి. కడాయి దించి మళ్లీ పెట్టినప్పుడు పిడి ఆ టేప్ వైపే ఉండాలి.
- 4Kలో తీసి 1080pలో ఎడిట్ చేయండి. ఎందుకో 5వ భాగంలో చెప్తాను.

మా వదినకు మొదట ఈ టేప్ నచ్చలేదు. "వంట చేస్తున్నానా, కొలతలు కొడుతున్నానా?" అంది. వంకాయలు వేయించాక కడాయి దించి, తుడిచి, మళ్లీ పెట్టినప్పుడు టేప్‌ను మర్చిపోయింది. ఆ ఒక్క మరుపు వల్లే ఈ వ్యాసంలో 5వ భాగం ఇంత పొడుగైంది.

## 2. ఏదీ కోయకుండా ఒకసారి మొత్తం చూడండి

ముందే కత్తెర పట్టుకోవద్దు. ఫుటేజ్ మొత్తాన్ని టైమ్‌లైన్ మీద పరిచి, రెండింతల వేగంతో చూస్తూ, వంట మారిన ప్రతిచోటా M నొక్కి మార్కర్ పెట్టండి.

మారాల్సింది చేయి కాదు, వంట. గరిటె తిప్పడం మార్పు కాదు. ఉల్లిపాయ అంచు ఎర్రబడటం మార్పు. వంకాయ తొక్క ముడతపడటం మార్పు. మసాలా అంచుల్లో నూనె తేలడం మార్పు. 76 నిమిషాల్లో నాకు ఇలాంటివి 31 దొరికాయి. వీడియోకు అవే వెన్నెముక, వాటి మధ్య ఉన్నదంతా తగ్గించుకోవచ్చు.

మార్కర్లు పెట్టాక ఒక కాగితం మీద ఇలా రాసుకున్నాను:

- పదార్థాలు చూపించడం, చివర వడ్డించడం: తీసింది 6 నిమిషాలు, ఉంచింది 45 సెకన్లు
- వంకాయలు గాట్లు పెట్టడం: 6 నిమిషాలు, 22 సెకన్లు
- పల్లీలు, నువ్వులు, ఎండుకొబ్బరి, ధనియాలు, జీలకర్ర వేయించడం: 14 నిమిషాలు, 50 సెకన్లు
- ఉల్లిపాయలు వేయించడం: 8 నిమిషాలు, 15 సెకన్లు
- మసాలా నూరడం: 4 నిమిషాలు, 12 సెకన్లు
- వంకాయలు వేయించడం: 8 నిమిషాలు, 25 సెకన్లు
- మసాలా వేయించడం: 12 నిమిషాలు, 45 సెకన్లు
- చింతపండు పులుసు పోసి మగ్గించడం: 18 నిమిషాలు, 40 సెకన్లు

ఎక్కువసేపు తీసినదానికి ఎక్కువ సెకన్లు ఇవ్వలేదు, గమనించండి. మగ్గడానికి 18 నిమిషాలు పట్టినా అక్కడ చూడాల్సింది తక్కువ. మసాలా వేగేటప్పుడు మాత్రం చాలామంది తొందరపడి దించేస్తారు. అందుకే దానికి 45 సెకన్లు.

## 3. మళ్లీ మళ్లీ వచ్చే పనిని కోయడం

పునరావృతాల్లో రెండు రకాలున్నాయి. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి, కోసే పద్ధతి మాత్రం వేరు.

### మొదటి రకం: పని అదే, ఫలితం కూడా అదే

12 వంకాయలకూ గాట్లు పెట్టడం ఇలాంటిదే. ప్రతి వంకాయకూ తొడిమ ఉంచి, కింది నుంచి ప్లస్ గుర్తులా కోసి, ఉప్పునీళ్లలో వేయడమే. దీనికి మూడు ముక్కలు చాలు.

1. మొదటి వంకాయ పూర్తిగా, మామూలు వేగంతో. కత్తి తొడిమ దగ్గర ఎక్కడ ఆగిందో కనిపించాలి. 12 సెకన్లు.
2. రెండో వంకాయ చేతిలోకి తీసుకుని కత్తి ఆనించేదాకా. 3 సెకన్లు.
3. ఉప్పునీళ్ల గిన్నెలో పన్నెండూ మునిగి ఉన్న షాట్. 7 సెకన్లు, దీని మీదే తర్వాతి మాట మొదలుపెట్టాను.

మధ్యలో ఆ రెండో ముక్క ఎందుకంటే, "ఇలాగే మిగతావీ" అని చెప్పే పని అదే చేస్తుంది. అది లేకుండా ఒక వంకాయ నుంచి నేరుగా పన్నెండుకు దూకితే చూసేవాళ్లు వీడియో ఆగి మళ్లీ మొదలైందేమో అనుకుంటారు.

కట్ చేసేచోటు కూడా ముఖ్యం. చేయి ఫ్రేమ్‌లో కదులుతున్నప్పుడు Ctrl+B కొట్టండి, చేయి ఆగాక కాదు. రెండో ముక్కలో వంకాయ ఫ్రేమ్‌లోకి వస్తూ ఉన్నప్పుడే మొదటి ముక్క ముగిస్తే, కదలిక మీద కన్ను పోయి కట్ కనబడదు.

### రెండో రకం: పని అదే, ఫలితం వేరు

నేను బోల్తా పడింది ఇక్కడే. ఐదు దినుసులనూ విడివిడిగా వేయించడం తెర మీద ఒకేలా కనిపిస్తుంది: పోయడం, కలపడం, ప్లేట్‌లోకి తీయడం. పోయిన ఏడాది ఇదే వంటకం మొదటిసారి ఎడిట్ చేసినప్పుడు పల్లీలు ఒక్కటే చూపించి మిగతావన్నీ ఎత్తేశాను. వదిన చూసి, "నువ్వులు వేగడం తీసేశావేంటి? అందరూ మాడ్చేది అక్కడే కదా!" అంది. నేను వినలేదు. వారం తిరక్కుండా ముగ్గురు కూర చేదొచ్చిందని రాశారు.

పల్లీల తొక్క మచ్చలు పడి చిట్లుతుంది, దానికి నాలుగైదు నిమిషాలు పడుతుంది. నువ్వులు చిటపటమని రెండు మూడు నిమిషాల్లో అయిపోతాయి, ఇంకొంచెం ఉంచితే చేదు. ఎండుకొబ్బరి అంతకంటే త్వరగా రంగు మారుతుంది. ఇవి ఐదు వేర్వేరు పాఠాలు. వీటిలో నిజంగా పునరావృతమయ్యేది కడాయిలో పోయడం, గరిటె తిప్పడం మాత్రమే.

కాబట్టి పోయడం మొదటిదానికే చూపించాను. మిగతా నాలుగింటికీ కడాయిలో పడ్డాక ఒక సెకను, తర్వాత నేరుగా వేగిన స్థితి, ఆరేడు సెకన్లు. నువ్వులకు మాత్రం పది సెకన్లు ఇచ్చి, చిటపట శబ్దం మీద ఏ మాటా పెట్టలేదు. ఆ శబ్దమే దించాల్సిన గుర్తు.

### కోసేశాక ఈ తనిఖీ తప్పనిసరి

పదార్థాల జాబితా చేతిలో పట్టుకుని వీడియో చూడండి.

- ప్రతి పదార్థం గిన్నెలో పడటం కనిపించిందా, లేదా మాటలోనైనా వినిపించిందా?
- ఉప్పు ఎన్నిసార్లు వేశారు? అన్నిసార్లూ ఉన్నాయా?
- మంట తగ్గించిన క్షణం ఏదైనా కోతలో పోయిందా?
- మూత పెట్టడం లేకుండానే మూత తీయడం వచ్చిందా?

నా మొదటి కోతలో పసుపు మాయమైంది. ఉల్లిపాయలు వేయించే 8 నిమిషాల మధ్యలో వేసింది కాబట్టి, ఆ ముక్కతో పాటే పోయింది. రెండు సెకన్ల ముక్క వెనక్కి తెచ్చి పెట్టాను.

## 4. కాలాన్ని దాటించడం

వంట వీడియోలో కాలం దాటించడానికి మూడు దారులున్నాయి: నేరుగా కట్, ఒక షాట్ మెల్లగా కరుగుతూ తర్వాతి షాట్‌గా మారే డిజాల్వ్, వేగం పెంచడం. చాలామంది అన్నింటికీ మూడోదే వాడతారు. నేను దాన్ని ఆఖరున ఆలోచిస్తాను.

### వేగం ఎక్కడ పనికొస్తుంది?

చేతి పని కనబడుతున్నప్పుడు, నాలుగు నుంచి ఎనిమిది రెట్లదాకా. ఉల్లిపాయలు తరగడానికి బాగుంటుంది. కానీ 8 నిమిషాలు వేగిన ఉల్లిపాయలను 15 సెకన్లలో చూపాలంటే 32 రెట్లు పెంచాలి. అప్పుడు గరిటె ఈగలా ఎగురుతుంది, ఆవిరి మిణుకుమంటుంది. వెలుతురు లాక్ చేయకపోతే కెమెరా చేసిన చిన్న చిన్న సర్దుబాట్లన్నీ కలిసి తెర వెలిగి ఆరుతున్నట్టు కనిపిస్తుంది.

అందుకే అక్కడ ఐదేసి సెకన్ల మూడు ముక్కలు వాడాను: పచ్చి ఉల్లిపాయ, మెత్తబడినది, అంచులు ఎర్రబడినది. మూడూ మామూలు వేగంలోనే. రంగు మారడం చూస్తే కాలం గడిచిందని వాళ్లకే తెలుస్తుంది.

### డిజాల్వ్ సరిగ్గా పెట్టడం

మసాలా వేయించే 12 నిమిషాలకు డిజాల్వ్ వాడాను. వరుస ఇది:

1. ముందు ముక్కలో గరిటె ఫ్రేమ్ బయటికి వెళ్లిపోయిన చోటు వెతకండి. కడాయి ఒక్కటే కనిపించాలి. అక్కడ సెకనున్నర ఆగండి.
2. తర్వాతి ముక్క కూడా గరిటె లేని చోటే మొదలవ్వాలి. అంచుల్లో నూనె తేలి ఉండాలి.
3. రెండు ముక్కలకూ కట్ అవతల కనీసం అర సెకను అదనపు ఫుటేజ్ ఉండాలి. ముక్క చివరంటా వాడేస్తే డిజాల్వ్‌కు కరిగించడానికి ఏమీ మిగలదు, సాఫ్ట్‌వేర్ ముక్కను కుదించమని అడుగుతుంది.
4. కట్ మీద Ctrl+T కొట్టి, నిడివి అర సెకను దగ్గర ఉంచండి. సెకను దాటితే పాత సినిమాలో కల వచ్చినట్టు ఉంటుంది.
5. డిజాల్వ్ అయ్యాక రెండు సెకన్లు ఏ మాటా లేకుండా వదిలేయండి. నూనె తేలిందని చూసే సమయం అది.

తెర మీద అక్షరాల్లో సమయం ఒక్కటే రాస్తే సరిపోదు. "12 నిమిషాల తర్వాత" అని రాస్తే, పెద్ద మంట మీద పెట్టినవాళ్లకు ఆరు నిమిషాల్లోనే అడుగంటుతుంది. నేను ఇలా రాశాను: "సన్న మంట, సుమారు 12 నిమిషాలు, నూనె తేలేదాకా". మంట, సమయం, గుర్తు, ఈ మూడూ ఉండాలి. స్టవ్‌లు వేరైనా గుర్తు మారదు.

### శబ్దం కట్‌ను బయటపెడుతుంది

బొమ్మ ఎంత బాగా కలిసినా, వెనకాల కూరగాయల బండాయన అరుపు "టమా..." దగ్గర తెగిపోతే మొత్తం తెలిసిపోతుంది. మా వీడియోలో సరిగ్గా అదే జరిగింది.

దీనికి మందు ఉంది. మనిషి గొంతు, వాహనాలు ఏవీ లేని వేపుడు శబ్దం ఒక ఇరవై సెకన్లు ఫుటేజ్‌లోనే వెతకండి. దాన్ని విడిగా ఇంకో ఆడియో ట్రాక్ మీద, కట్ కింద నుంచి అటూ ఇటూ పరచండి. అసలు ముక్కల శబ్దాన్ని కట్ దగ్గర తగ్గించండి. వినేవాళ్లకు వేపుడు ఆగకుండా సాగుతుంది. ఒక జాగ్రత్త: మసాలా వేగే చోట నూనెలో ఉల్లిపాయ శబ్దం పెట్టకండి. వండేవాళ్ల చెవులు పట్టేస్తాయి.

## 5. పైనుంచి తీసిన షాట్లన్నీ ఒక్కలా ఉంచడం

డిజాల్వ్‌లో కడాయి జరిగి ఉంటే రెండు కడాయిలు ఒకదాని మీద ఒకటి దయ్యాల్లా కనిపిస్తాయి. మా టేప్ మరుపు బయటపడింది అలాగే. కడాయి కుడికి జరిగింది, పిడి కొంచెం తిరిగింది. పైగా స్టాండ్ చేయి ఫోన్ బరువుకు మెల్లగా వాలి ఫ్రేమ్ కాస్త దగ్గరైంది. ఈ వాలడం తీసేటప్పుడు తెలియదు. మొదటి ఫ్రేమ్, చివరి ఫ్రేమ్ పక్కపక్కన పెట్టి చూస్తేనే తెలుస్తుంది.

### సరిచేసే వరుస

1. మొత్తం వీడియోలో బాగా కుదిరిన ఓవర్‌హెడ్ షాట్ ఒకటి ఎంచుకోండి. ఇది కొలబద్ద. మిగతావన్నీ దీనికి సరిపోవాలి, రెండు పక్కపక్క షాట్లు ఒకదానికొకటి కాదు. అలా చేసుకుంటూ పోతే చిన్న తేడాలు పోగై చివరికి కడాయి ఇంకెక్కడో తేలుతుంది.
2. కొలబద్ద షాట్‌ను పై ట్రాక్ మీద, సరిచేయాల్సిన ముక్క మీదుగా పెట్టండి. Inspectorలో దాని Opacity 50 చేయండి. రెండూ కలిసి కనిపిస్తాయి.
3. ఇప్పుడు కింది ముక్కకు ముందు Zoom మార్చండి, రెండు కడాయిల అంచు గుండ్రాలు ఒకే సైజు అయ్యేదాకా.
4. తర్వాత Position, రెండు గుండ్రాలు ఒకదానిపై ఒకటి కూర్చునేదాకా.
5. ఆఖరున Rotation Angle, పిడి పిడి మీద పడేదాకా.
6. పై ట్రాక్ ముక్కను తీసేయండి. అదే స్థితిలో తీసిన మిగతా ముక్కలకు ఈ సర్దుబాటును కాపీ చేసి Alt+Vతో అంటించండి.

వరుస మార్చకండి. సైజు కలవకుండా జరపడం మొదలుపెడితే ఎంత జరిపినా ఒక పక్క కలిసి ఇంకో పక్క విడిపోతుంది.

### ఎంతవరకు లాగొచ్చు?

4Kలో తీసి 1080pలో ఎడిట్ చేస్తే, ఫ్రేమ్ నిండా ఉన్న బొమ్మను రెండింతలదాకా పెంచినా స్పష్టత పోదు. తీసిందే 1080p అయితే పదో పదిహేనో శాతం దాటగానే వంకాయ తొడిమలు మెత్తగా కనిపించడం మొదలవుతుంది.

తిప్పడానికి కూడా చోటు కావాలి. మూడు డిగ్రీలు తిప్పితే మూలల్లో నల్లటి ముక్కలు బయటపడతాయి, అవి పోవాలంటే దాదాపు తొమ్మిది శాతం పెంచాలి. మా పిడి రెండు డిగ్రీలే తిరిగింది, బతికిపోయాం.

ఒక తప్పును మాత్రం ఇలా సరిచేయలేం. ఫోన్ నిలువుగా కిందికి చూడకుండా పక్కకు వాలితే కడాయి గుండ్రంగా కాక కోడిగుడ్డులా పడుతుంది. Zoom, Position, Rotation మూడూ దాన్ని గుండ్రం చేయలేవు. అప్పుడు రెండు ఓవర్‌హెడ్ షాట్ల మధ్య పక్క నుంచి తీసిన దగ్గరి షాట్ రెండు సెకన్లు పెట్టండి, ఆవిరి లేవడమో, పులుసు ఉడకడమో. కన్ను పాత ఫ్రేమ్‌ను మర్చిపోతుంది, తేడా పట్టుకోదు. ఆ కట్ దగ్గర డిజాల్వ్ వద్దు. ఇలాంటి అవసరానికి ప్రతి దశలోనూ ఒక పక్క షాట్ తీసి ఉంచుకోవడం నాకిప్పుడు అలవాటైంది.

### చేతులు ఎటువైపు నుంచి రావాలి?

వండేవాళ్ల చేతులు ఎప్పుడూ తెర కింది అంచు నుంచే రావాలి. చూసేవాళ్లకు తామే వండుతున్నట్టు ఉంటుంది. ఫోన్ తలకిందులుగా బిగించి తీస్తే చేతులు పైనుంచి వస్తాయి. 180 డిగ్రీలు తిప్పితే సరిపోతుంది, కానీ ఆ సిట్టింగ్‌లో తీసిన ఓవర్‌హెడ్ షాట్లన్నీ తిప్పాలి. ఒక్కటి వదిలేసినా స్టవ్ గోడ వైపు నుంచి మనిషి వైపుకు వచ్చేస్తుంది.

### రంగు కలపడం

కూర రంగును చూసి రంగు కలపకండి, కూర రంగు ఎలాగూ మారుతుంది. మారనిది గ్రానైట్ గట్టు. ప్రతి ఫ్రేమ్‌లో ఒక మూల గట్టు కొంచెం కనిపించేలా ఉంచి, అన్ని ముక్కల్లోనూ ఆ మూల ఒకే రంగులో ఉండేలా Temp సరిచేయండి. మేం ఉదయం పదకొండింటికి మొదలుపెట్టి పన్నెండున్నర దాటాక ముగించాం. కిటికీ వెలుగు మారి, చివరి షాట్లలో గట్టు పాలిపోయింది. గట్టును కలిపితే వంకాయ కూడా తన రంగులోకి వచ్చింది.

## 6. తప్పు కనిపిస్తే ఎక్కడ వెతకాలి?

- కట్ దగ్గర కడాయి దూకుతోంది: 5వ భాగంలోని వరుస. కలవకపోతే మధ్యలో పక్క షాట్.
- డిజాల్వ్‌లో గరిటె గాల్లో కరిగిపోతోంది: గరిటె ఫ్రేమ్‌లో ఉండగా కట్ చేశారు. కొన్ని ఫ్రేములు ముందుకో వెనక్కో జరపండి.
- చివరికొచ్చేసరికి మాట, పెదాలు కలవడం లేదు: ఫోన్ ఫ్రేమ్ రేటు నిలకడగా ఉండదు. ఎడిట్‌కు ముందే ఫైలును HandBrakeలో Constant Framerate పెట్టి మార్చుకోండి.
- షాట్ మెల్లగా పొగమంచు పట్టింది: లెన్స్ మీద ఆవిరి. ఎడిటింగ్‌లో పూర్తిగా పోదు, ఆ ముక్కను కోసి పక్క షాట్ వాడాల్సిందే. ఈసారి పులుసు పోసే ముందు లెన్స్ తుడవండి.

## 7. బయటికి పంపే ముందు మూడుసార్లు చూడండి

మొదటిసారి శబ్దం ఆపేసి చూడండి. మాట లేకుండా వంట అర్థమైతే కోతలు సరిగ్గా పడ్డాయి.

రెండోసారి బొమ్మ చూడకుండా వినండి. ఎక్కడైనా శబ్దం తెగితే అక్కడికి వెళ్లండి.

మూడోసారి ఎడిట్ చేయని మనిషికి, ఫోన్‌లో ఇవ్వండి. నేను వదినకిచ్చాను. మసాలా వేగే చోట వేలుపెట్టి వెనక్కి జరిపి మళ్లీ చూసింది. "ఇక్కడ నూనె కనబడ్తలేదు, అక్షరాలు దాని మీదే పడ్డాయి," అంది. రాసిన వాక్యాన్ని పై అంచుకు జరిపి, మళ్లీ ఎక్స్‌పోర్ట్ కొట్టాను.